ఊపిరి ఎవరిది, రాత ఎవరిది?

(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతున్నదో ఆ పెద్దాయన తన పేరుమీద ఫలకాలూ బిరుదులూ వద్దని బతికుండగానే గట్టిగా చెప్పారు. ఆ మాటను కుటుంబం మన్నిస్తున్నది, నేనూ మన్నిస్తాను. మనమంతా పిలిచినట్టే ఆయనను అయ్యగారు అనే అంటాను. బైబిలు పాఠశాలలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థినీ ఆయన ఒక ప్రశ్న అడిగేవారు. "లేఖనం దేవుని ఊపిరి అంటున్నవు గదా బిడ్డా, ఆ ఊపిరి రాసినాయన లోపలికి పోయిందా, దేవుని నోట్లోంచి రాతలోకి వచ్చిందా?" చాలామందికి ఈ రెంటికీ తేడా ఏమిటో కూడా అప్పుడు తెలిసేది కాదు. ఈ రోజు నేను మాట్లాడదలచింది ఆ తేడా గురించే. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో, మూడో అధ్యాయం పదహారో వచనంలో ఉన్న మూడు గ్రీకు మాటల గురించి. పాసా గ్రఫే థియోప్నూస్తోస్.

ఈ మాటలు మన మెట్ట ప్రాంతానికి ఏ దారిన వచ్చాయో ముందు కొంచెం చెప్పుకోవాలి. పాలమూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను తరఫున ఎల్బర్ట్ చ్యూట్ 1885లో పని మొదలుపెట్టారు. రష్యాలోని మెనోనైట్ బ్రదరెన్ సంఘాల నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో బయలుదేరి, మరుసటి ఏడు నల్లగొండలో స్థిరపడ్డారు. వాళ్లూ బాప్టిస్టు మిషను కిందనే పనిచేశారు. అమెరికాలోని మెనోనైట్ బ్రదరెన్ వాళ్లు 1899లో వచ్చారు. తర్వాత నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, షంషాబాదు ఒక్కొక్కటే స్టేషన్లయ్యాయి. డి. ఎఫ్. బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలులో 1920లో బైబిలు పాఠశాల పెట్టారు. ఆ పరంపరలోనిదే నేటి షంషాబాదు బైబిలు కళాశాల.

తేదీలకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఈ సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాదిగ, మాల వాడలవాళ్లు. అక్షరం ముట్టనివ్వని, మంత్రం విననివ్వని జనం. వాళ్ల వాకిట్లోకి ఒక పుస్తకం వచ్చింది. దాన్ని చదవగలిగినవాడు వాడకు ఒక్కడుండేవాడు, లేదా ఒక బైబిలు స్త్రీ ఉండేది. మిగతావాళ్లు దాన్ని చెవితోనే అందుకున్నారు. అంటే లేఖనం ఇక్కడ మొదట వినబడిన మాట, ఆ తర్వాతే కళ్లతో చూసిన అచ్చు. అయ్యగారి ప్రశ్నలో ఊపిరి అన్న మాట మనవాళ్లకు వెంటనే అందడానికి ఇదొక కారణమని నేను అనుకుంటాను.

ఇక పత్రికలోకి వద్దాం. ఇది చెరలో ఉన్న ఒక పెద్దవాడు ఒక చిన్నవాడికి రాసిన ఉత్తరంగా మన ముందుంది. పౌలు పేర ఇది ఆయన శిష్యుల తరంలో రూపుదిద్దుకుందని చాలామంది పండితుల అభిప్రాయం. పౌలే రాశాడనేవాళ్లూ గట్టిగానే ఉన్నారు. నేటి మన విషయానికి ఆ వాదం తేలనవసరం లేదు. ఉత్తరం అందుకున్న తిమోతి లుస్త్ర ప్రాంతపు యువకుడు. తల్లి యూనీకే యూదురాలు, తండ్రి గ్రీకువాడు, అమ్మమ్మ లోయి. అతనికి పసితనం నుంచి పవిత్ర లేఖనాలు తెలుసని పదిహేనో వచనంలో రాసిన వెంటనే మన మూడు మాటలు వస్తాయి. తిమోతి పసివాడుగా ఉన్నప్పుడు సువార్త పుస్తకాలు లేవు, ఈ పత్రికలూ లేవు. అమ్మమ్మ ఒళ్లో అతను విన్నవి మోషే, కీర్తనలు, యెషయా, యిర్మీయా. అంటే ఈ వచనం మొదట చేయెత్తి చూపిస్తున్నది మనం పాత నిబంధన అని పిలిచే భాగాన్ని. కొత్త నిబంధనను ఈ వచనం కిందికి తేవడం సంఘం తర్వాత చేసిన న్యాయమైన విస్తరణ. అయితే పునాదిరాయి ఎక్కడుందో మరిచిపోకూడదు. పాత నిబంధనను క్రిస్మసుకు ముందు రెండు ఆదివారాలు మాత్రమే తెరిచే సంఘం ఈ వచనాన్ని గోడమీద రాసుకోవడం ఎంతో బాధాకరం.

మొదటి మాట పాసా. ఏకవచన నామానికి ముందు, ఆర్టికల్ లేకుండా వస్తే దీనికి మామూలుగా "ప్రతి" అని అర్థం. కానీ "యెరూషలేమంతా", "ఇశ్రాయేలంతా" అన్నచోట్ల ఆర్టికల్ లేకుండానే "అంతా" అన్న అర్థమూ వస్తుంది. గ్రఫే అనేది అప్పటికే పవిత్ర గ్రంథానికి వాడుక పేరైపోయింది కాబట్టి "లేఖనమంతా" అనేవాళ్ల మాటనూ తోసిపుచ్చలేం. నా మట్టుకు "ప్రతి" అన్నదే సరైనదనిపిస్తుంది. మొత్తమ్మీద మంచిదే అని సరిపెట్టుకునే వీలు ఆ మాట ఇవ్వదు. లేవీయకాండంలో కుష్ఠు గురించిన అధ్యాయాన్నీ, సంఖ్యాకాండంలోని జనాభా లెక్కలనూ కూడా లెక్కలోకి తీసుకోమంటుంది.

అసలు చిక్కు క్రియాపదం దగ్గర ఉంది. గ్రీకు వాక్యంలో "ఉన్నది" అనే మాట లేదు. మనకు ఇది వింత కాదు, "మా ఊరు దేవరకొండ" అంటే చాలు, క్రియ అక్కర్లేదు. కానీ తెలుగులో విశేషణం ముందొస్తే ఒక అర్థం, వెనకొస్తే ఒక అర్థం. "మంచి బావి" అన్నది వేరు, "బావి మంచిది" అన్నది వేరు. గ్రీకులో విశేషణం నామం తర్వాత వచ్చినా రెండు విధాలుగానూ చదవచ్చు. అందువల్ల ఈ వాక్యానికి రెండు దారులున్నాయి. ప్రతి లేఖనమూ దైవశ్వాసితం, పైగా ప్రయోజనకరం అన్నది ఒకటి. దైవశ్వాసితమైన ప్రతి లేఖనమూ ప్రయోజనకరం కూడా అన్నది రెండోది. ఇంగ్లీషులో 1611 నాటి అనువాదం మొదటి దారి పట్టింది. 1881 నాటి సవరణ రెండో దారి పట్టి, మొదటిదాన్ని అంచున పెట్టింది. మన సంఘాల్లో చదివే పాత తెలుగు బైబిలు రెండో దారిది. ఇంటికెళ్లి తెరిచి చూడండి, అందులో విశేషణం లేఖనానికి ముందే ఉంటుంది.

రెండో దారి పట్టిన వాక్యాన్ని కొందరు ఒక సందు చేసుకుంటారు. దైవశ్వాసితమైనవి ప్రయోజనకరం అంటే, కానివీ కొన్ని ఉన్నాయన్నమాట, వాటిని మనం ఏరిపారేయవచ్చు అని. వాక్యం అంత బరువు మోయదు. తిమోతికి పసితనం నుంచి తెలిసిన ఆ గ్రంథాల గురించే పైవచనం మాట్లాడింది. ఆ గ్రంథాల్లో సగం తీసిపారేయమని కిందివచనం చెప్పదు. అంతేకాక రెండు విశేషణాల మధ్య గ్రీకులో "కై" అనే అవ్యయం ఉంది. మొదటి పత్రిక నాలుగో అధ్యాయం నాలుగో వచనంలో సరిగ్గా ఇదే కట్టుబడి కనిపిస్తుంది. దేవుడు చేసిన ప్రతిదీ మంచిది, ఏదీ తోసివేయదగింది కాదు అన్న భావం అక్కడిది. ఆ వాక్యాన్ని ఎవరూ "దేవుడు చేసిన మంచి వస్తువులన్నీ" అని చదవరు. ఒకే కలం పట్టిన రెండు వాక్యాలు ఒకే తీరున నడుస్తాయి. అందుకే నేను మొదటి దారివైపే మొగ్గుతాను. అయితే మన పాత బైబిలు చేసిన ఎంపిక తప్పని ఎవరైనా అంటే ఒప్పుకోను. వ్యాకరణం రెండింటికీ చోటిచ్చింది.

ఇప్పుడు మూడో మాట. థియోప్నూస్తోస్. థియోస్ అంటే దేవుడు, ప్నెయో అంటే వీచడం, ఊపిరి వదలడం. కొత్త నిబంధన మొత్తంలో ఇది వచ్చేది ఈ ఒక్కచోటే. బయటి గ్రీకు సాహిత్యంలోనూ ఆ కాలానికి చాలా అరుదు. వైద్యుడు హెరోఫిలోస్ అభిప్రాయాలను చెప్పే ఒక పాత సంకలనంలో దేవుడు పంపే కలల గురించి ఈ మాట కనిపిస్తుంది, అక్కడా ప్రతుల్లో పాఠభేదం ఉంది.

పాత తెలుగు బైబిలు ఈ మాటకు "దైవావేశము" అని పెట్టింది. అనువాదకుల కష్టాన్ని నేను తక్కువ చేయను. సంస్కృతంలో ఆ మాటకు గౌరవమైన అర్థమే ఉంది. కానీ మన ఊళ్లలో అది వినబడే తీరు వేరు. బోనాలనాడు శివసత్తికి పూనకం వస్తుంది, ఒళ్లు ఊగుతుంది, కళ్లు మూతలు పడతాయి, గొంతు మారుతుంది, అప్పుడు వచ్చే మాట ఆమెది కాదు, అమ్మవారిది అంటారు. ఆవేశం అనగానే మన చెవికి తోచే బొమ్మ ఇదే. ఆ బొమ్మను బైబిలు రచయితకు తొడిగితే, పౌలుకు పూనకం వచ్చింది, చెయ్యి దానంతట అదే రాసింది, ఆయన తెలివీ జ్ఞాపకమూ పక్కకు పోయాయి అనే ఊహ పుడుతుంది. ఇది మన ఊరివాళ్లకే పుట్టిన ఊహ కాదు. రెండో శతాబ్దంలో అథెనగోరస్ అనే క్రైస్తవ రచయిత, వేణువాద్యకారుడు వేణువులోకి ఊదినట్టు ఆత్మ ప్రవక్తలను వాడుకుందని రాశాడు. వేణువుకు సొంత ఆలోచన ఉండదు గదా.

గ్రీకు మాట ఆ బొమ్మకు లొంగదు. దానికి రెండు కారణాలు చెబుతాను. మొదటిది, ఈ విశేషణం రచయితకు చెందింది కాదు, రాతకు చెందింది. వాక్యంలో పౌలు పేరు గానీ ప్రవక్త అనే మాట గానీ లేదు. గ్రఫే దైవశ్వాసితం. మనుషులు ఆత్మచేత నడిపించబడి పలికారని చెప్పే వచనం పేతురు రెండో పత్రికలో మొదటి అధ్యాయం చివర వేరుగా ఉంది. ఆ రెంటినీ కలిపేయడం వల్లనే సగం గందరగోళం వచ్చింది. రెండోది, థియోస్‌తో మొదలై తోస్‌తో ముగిసే సమాసాలు సాధారణంగా దేవుడు చేసిన పనిని చెబుతాయి. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో థియోదిదాక్తోస్ అనే మాట ఉంది, దేవునిచేత నేర్పబడినవాడు అని. ఆ అచ్చులోనే ఇది దేవునిచేత ఊదబడినది. ఇంతకుముందే ఉన్న రాతలోకి దేవుడు ఊపిరి ఎక్కించాడని కాదు, ఆయన ఊపిరిగా వెలువడిందని. కీర్తనకారుడు యెహోవా నోటి ఊపిరిచేత ఆకాశాలు కలిగాయని పాడిన వెనుకటి ఊహ ఇక్కడ పనిచేస్తున్నది. చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని "ఖ" అని పలకండి. మాటతోపాటు గాలి అరచేతికి తగులుతుంది. ఊపిరి లేని మాట లేదు. లేఖనం దేవుని ఊపిరి అనడం, అది ఆయన పలికిన మాట అనడమే.

ఈ అర్థాన్ని అందరూ ఒప్పుకోలేదు. జర్మను పండితుడు హెర్మన్ క్రెమర్ దీన్ని తిరగేసి, "దేవుని ఆత్మను ఊదేది" అని చదవాలన్నాడు. 1900లో ప్రిన్‌స్టన్ ఆచార్యుడు బి. బి. వార్‌ఫీల్డ్ ఇలాంటి సమాసాలను ఒక్కొక్కటే పట్టి చూసి, కర్మణి అర్థమే న్యాయమని వాదించాడు. ఆ వాదం నూరేళ్లకు పైగా నిలబడింది. 2021లో జాన్ పోయిరియర్ ఒక పుస్తకం రాసి, ఒరిగెనుకు ముందరి వాడుకల్లో ఈ మాటకు "జీవమిచ్చేది" అని అర్థమన్నాడు. కొట్టిపారేయదగ్గ వాదన కాదది, ఎందుకంటే పైవచనంలో లేఖనాలు రక్షణకు జ్ఞానం ఇవ్వగలవనే ఉంది, కిందివచనంలో వాటి ప్రయోజనమే ఉంది. కానీ ఆయన చూపించిన ఉదాహరణలు కొద్ది, వాటిలో కొన్నిటి కాలమే తేలలేదు. సమాస నిర్మాణం వార్‌ఫీల్డ్ పక్షానే ఉందని నా నమ్మకం. అయితే వార్‌ఫీల్డ్ ఈ ఒక్క మాట మీద కట్టిన మేడ మాటకన్నా పెద్దదనీ చెప్పాలి. ఆ మాట మూలం ఎవరో చెబుతుంది. రాయించిన విధానాన్ని వివరించదు. నాలుగో శతాబ్దపు నిస్సా గ్రెగరీ తన అన్న బాసిలు సృష్టి ఆరు దినాలమీద చేసిన వ్యాఖ్యానానికి కూడా ఈ విశేషణం వాడాడు. అంటే పాతకాలపు సంఘం దీన్ని మనంత బిగించి పట్టుకోలేదు.

అయ్యగారి ప్రశ్నకు నా జవాబు ఇదీ. ఊపిరి దేవునిది, అది రాతగా వచ్చింది. రాసినవాడు మత్తులో లేడు, పూర్తి తెలివిలో ఉన్నాడు. ఆ రాతకు పని ఉంది. ఆ పని ఏమిటో వాక్యం రెండో సగం చెబుతుంది. దురదృష్టం ఏమిటంటే మనం మొదటి సగం దగ్గరే కత్తులు దూసి, రెండో సగానికి వచ్చేసరికి అలసిపోతాం.

నాలుగు పనులు చెప్పాడు. ఉపదేశం, ఖండన, సరిదిద్దడం, నీతిలో తర్ఫీదు. నాలుగోదానికి పాత బైబిలు "శిక్ష" అనే మాట వాడింది. ఆనాటి పుస్తక భాషలో శిక్ష అంటే నేర్పడం, నేడు శిక్షణ అంటున్నదే. ఇప్పుడు శిక్ష అంటే జైలు, జరిమానా. అందుకని కొన్ని పల్పిట్ల మీద లేఖనం బెత్తమైంది. గ్రీకులో ఉన్న పైదేయియా పిల్లవాడిని పెంచి పెద్దచేసే పద్ధతి మొత్తానికి పేరు. అందులో మందలింపు ఉంటుంది, మందలింపే అది కాదు.

ఈ నాలుగు పనులూ ఒక లేఖనం ఎలా చేస్తుందో పాలమూరు సంగతిగా చూపిస్తాను. డిసెంబరు 31 రాత్రి మన సంఘాల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. అందులో చాలామంది చేతికొచ్చేది యిర్మీయా గ్రంథం ఇరవై తొమ్మిదో అధ్యాయం పదకొండో వచనం. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవి, హాని కోసం కాదు అనే భావం దానిది. కొత్త సంవత్సరంలో ఉద్యోగం వస్తుందనీ బిడ్డ పెళ్లి కుదురుతుందనీ ఆ కార్డు బైబిల్లో పెట్టుకుంటాం. ప్రతి లేఖనమూ దైవశ్వాసితం గదా, ఈ ఒక్క వచనం నాకే అంటాం. ప్రతి అన్న మాటకు ఇక్కడ తూటు పడింది. ప్రతి లేఖనం అంటే ప్రతి ముక్క అని కాదు. ఊపిరి వాక్యానికి ఉంటుంది, వాక్యం నుంచి కోసి తీసిన తుంటకు కాదు.

ఆ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీ. పూ. 597లో రాజుతోపాటు బబులోనుకు చెరపట్టబడిన వాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసింది. ఎలాసా, గెమర్యా అనే ఇద్దరు రాజదూతలు దాన్ని మోసుకెళ్లారు. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని దేవుని పేర చెప్పాడు. యిర్మీయా ఉత్తరం వేరే చెబుతుంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోరి ప్రార్థించండి, ఎందుకంటే దాని క్షేమంలోనే మీ క్షేమం. తిరిగి రావడం డెబ్బై ఏళ్ల తర్వాత. కలలు చెప్పేవాళ్ల మాట వినకండి. పదకొండో వచనం వచ్చేది ఈ డెబ్బై ఏళ్ల మాట తర్వాత. ఆ ఉత్తరం విన్న నడివయసువాడు తిరిగి యెరూషలేము చూడడు.

దీన్ని ఇప్పుడు పాలమూరు వాడలో చదవండి. నారాయణపేట, మక్తల్, కొడంగల్ వైపు నుంచి బొంబాయికీ పుణేకూ పోయి మట్టిపని, రాతిపని చేసుకునే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మన తెలుగు నేలమీది ఆనకట్టలు కట్టిన చేతుల్లో పాలమూరు చేతులున్నాయి. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, ముసలివాళ్లు ఊళ్లో మిగులుతారు, మిగతావాళ్లు బస్సెక్కుతారు. వలసపోయేముందు సంఘానికి వచ్చి ప్రార్థన చేయించుకునే తల్లికి పాస్టరు ఏ వాక్యం చెప్పాలి? ఆ ఒక్క వచనం చెప్పి పంపితే ఆరు నెలల్లో అప్పు తీరుతుందని ఆశ పెట్టినట్టు. తీరకపోతే ఆమె తన విశ్వాసం తక్కువని కుమిలిపోతుంది. మొత్తం ఉత్తరం చదివితే నాలుగు పనులూ జరుగుతాయి. పరాయి పట్టణంలోనూ దేవుడున్నాడని, ఆ పట్టణం మేలు కోరడం భక్తేనని తెలుస్తుంది, అది ఉపదేశం. తొందరగా అంతా బాగైపోతుందని కానుక పట్టి చెప్పే నేటి హనన్యాలకు జవాబు దొరుకుతుంది, అది ఖండన. వెనక వదిలొచ్చిన ఊళ్లోనే బతుకంతా ఉందని, పోయినచోటి గుడారంలో పిల్లల చదువు మానిపించే అలవాటు సరిదిద్దబడుతుంది, ఎందుకంటే ఉత్తరం అక్కడే వేళ్లు దింపమంటున్నది. మిగిలింది తర్ఫీదు. ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ నీతిగా బతకడం ఒక్క కార్డుతో రాదు. ఆదివారం వెంట ఆదివారం వింటేనే వస్తుంది. ఊదబడిన మాట ఇక్కడ పనిచేసింది ఏ మనిషికీ పూనకం తెప్పించి కాదు. చెరలో ఉన్నవాళ్లకు నిజం చెప్పి పనిచేసింది.

ఇలాంటిదే ఒకటి మన ప్రాంతం నుంచి అచ్చులో ఉంది. మిషనరీల బిడ్డ, మహబూబ్‌నగర్ జిల్లా కొండూరు గ్రామం మీద 1971లో పుస్తకం వెలువరించిన మానవశాస్త్రవేత్త పాల్ హీబర్ట్ తన రచనల్లో ఒక సంగతి చెప్పుకున్నారు. ఒక ఊళ్లో అమ్మవారు పోసింది. మైసమ్మకు కోపం వచ్చిందని, బలి ఇవ్వాలని సోదె చెప్పారు. క్రైస్తవులు చందా ఇవ్వలేదు. వాళ్లలోనే ఒక పసిపిల్లకు జబ్బు సోకింది. సంఘపెద్ద నడిచొచ్చి ప్రార్థన అడిగాడు. ప్రార్థించారు, పిల్ల చనిపోయింది. తను ఓడిపోయానని హీబర్ట్ కుంగిపోయారు. కానీ ఆ పెద్ద మళ్లీ వచ్చి, సమాధి దగ్గర మేము పునరుత్థాన నిరీక్షణతో నిలబడింది ఊరంతా చూసిందని, అది స్వస్థతకన్నా పెద్ద సాక్ష్యమైందని చెప్పాడట. ఆవేశంలో పలికిన మాటకూ లేఖనానికీ తేడా ఆ సంఘపెద్దకు ఏ వ్యాకరణమూ లేకుండానే తెలుసు. ఒకటి బలి అడిగి మాయమైంది. ఇంకొకటి గుంత ఒడ్డున తనతోపాటు నిలబడింది.

వచనం ఇంకా ముగియలేదు. ఈ నాలుగు పనులూ ఎవరిమీద? దైవజనుడు పూర్తిగా సిద్ధపడడానికి అని పదిహేడో వచనం. మన దగ్గర దైవజనుడు అనే మాట ఫ్లెక్సీలమీద బిరుదైపోయింది, పేరుకు ముందు వచ్చి కూర్చుంటుంది. పత్రికలో ఆ మాట తిమోతికి, వాడిలాంటి సేవకుడికి చెందింది. అంటే ఉపదేశమూ ఖండనా మొదట తగలాల్సింది సంఘంలో వెనక బెంచీవాడికి కాదు, పల్పిటు వెనక నిలబడ్డవాడికి. అయ్యగారి తిమోతి పత్రిక పేజీలో ఈ వచనం పక్కన పెన్సిలుతో "ముందు నాకు" అని ఉంది. ఆయన భార్య ఆ బైబిలు నాకు చూపించారు. ఆ రెండు మాటలమీద మరోసారి పెన్సిలు దిద్దిన గుర్తుంది, మొదటి రాత చెరిగిపోయిన తర్వాత దిద్ది ఉంటారు.

చివరగా, విద్యార్థులు ఆయనను మళ్లీ మళ్లీ అడిగిన ఒక ప్రశ్న. ఇదే పత్రికలో, మన వచనం తర్వాత ఒకే అధ్యాయానికి, పౌలు తిమోతిని త్రోయలో కర్పు దగ్గర వదిలిపెట్టిన అంగీ తెమ్మంటాడు. పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మంటాడు. చలికాలం రాకముందే రమ్మంటాడు. ఇది కూడా దేవుని ఊపిరేనా? ఈ ప్రశ్న జెరోము కాలానికే ఉంది. అంగీ గురించిన వాక్యంలో దైవత్వమేముందని అడిగి, దాన్ని సాకుగా పత్రికలనే తక్కువ చేసినవాళ్లు అప్పుడే ఉన్నారు.

రచయితకు పూనకం వచ్చిందనే బొమ్మ పట్టుకుంటే ఈ వాక్యం దగ్గర చిక్కుకుంటాం. పూనకంలో ఉన్నవాడికి చలి వేయదు. అయ్యగారి దారిలో నడిస్తే చిక్కు లేదు. చెరలో చలికి వణికే ఒక ముసలివాడు తన అంగీ ఎవరింట్లో ఉందో జ్ఞాపకం పెట్టుకుని, పేరు చెప్పి, చదువుకోవడానికి పుస్తకాలు అడిగి రాయించిన ఉత్తరం ఇది. ఆ జ్ఞాపకం, ఆ చలి, ఆ చదువుల ఆకలి ఆయనవే. దేవుడు వాటిని పక్కకు తోసి మాట్లాడలేదు. పైగా పవిత్ర లేఖనాలు ప్రతి మంచి పనికీ మనిషిని సిద్ధపరుస్తాయని రాసినవాడే, ఆ పైన ఇంకా చదవడానికి చర్మపు కాగితాలు అడుగుతున్నాడు. అప్పటికి మరణం దగ్గర పడిందని ఆయనకు తెలుసు, ఆ మాటా ఆ అధ్యాయంలోనే ఉంది. తిమోతి ఆ అంగీ పట్టుకుని చలికాలానికి ముందే చేరాడో లేదో పత్రిక చెప్పదు.